ఐదో నెల: పైచిగురు మీద ఎర్రటి బుడిపె, తోముకుంటే రక్తం. ఇప్పుడే చూపించాలా, కానుపు దాకా ఆగాలా?

సీతమ్మధార_అమ్మాయి · సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నాకు 19 వారాలు, మొదటి కానుపు. రెండో నెల నుంచే తోముకుంటే బ్రష్‌కి రక్తం అంటుకునేది. వేవిళ్ళ గొడవలో పడి పట్టించుకోలేదు. ఇప్పుడు ముందుపళ్ళ చుట్టూ చిగుళ్ళు ఉబ్బి నున్నగా మెరుస్తున్నాయి. పైన ముందుపన్నుకీ పక్కపన్నుకీ మధ్య సందులోంచి శెనగగింజంత ఎర్రటి బుడిపె వచ్చింది. నొప్పి లేదు గానీ, చపాతీ ముక్క తగిలినా రక్తం కారుతోంది. నిన్న పొద్దున దిండు గలీబు మీద మరక చూసి మా ఆయన బెంబేలెత్తిపోయారు.

దగ్గర్లో ఒక పళ్ళ క్లినిక్‌కి వెళ్తే నోరు కూడా చూడకుండా "కానుపయ్యాక రండి" అని పంపేశారు. మా అత్తగారిదీ అదే మాట. ఇంటికొచ్చి ఫోన్లో వెతికితే "ప్రెగ్నెన్సీ ట్యూమర్" అని వచ్చింది. ఆ మాట చూశాక నిద్ర పట్టడం లేదు. ఇంకా నాలుగున్నర నెలలు ఇలాగే ఉండాలా?

పెందుర్తి_నాన్న · రాత్రి 9:52

అమ్మా, ఐదో నెలలో రక్తం అంటే ఇక్కడ రాస్తూ కూర్చోకండి. ఇప్పుడే ఆటో ఎక్కి ఘోషాసుపత్రికి వెళ్ళండి. మా ఆవిడకి ఇలాగే అయితే రాత్రి 11కి వెళ్ళాం, చేర్చుకుని స్కాన్ తీశారు. ఎడమవైపు తిరిగి పడుకోండి, నడవకండి.

సీతమ్మధార_అమ్మాయి · రాత్రి 9:55

అన్నయ్యా, రక్తం నోట్లోంచి. చిగుళ్ళ నుంచి.

పెందుర్తి_నాన్న · రాత్రి 9:58

ఓహో. పైవరుస సగమే చదివేను, ఏమీ అనుకోకండి. అయితే నాకు తెలీదు.

గాజువాక_పెద్దమ్మ · రాత్రి 10:20

ఏటమ్మా, ఇంత గాబరా ఎందుకు! కడుపులో బిడ్డ ఎముకలు పోసుకోడానికి తల్లి పళ్ళలోంచి సున్నం లాగేస్తాది. అందుకే పళ్ళు బలహీనమై చిగుళ్ళు వాస్తాయి. నాకు ముగ్గురు పిల్లలు, మూడు పళ్ళు ఊడిపోయేయి, లెక్క సరిపోయింది. రక్తం వచ్చే చోట బ్రష్ పెట్టకు. వేలితో ఉప్పూ పసుపూ రాసి పుక్కిలించు. కానుపయ్యాక అదే పోతాది, నాకూ పోయింది. పళ్ళ డాక్టరు కుర్చీ ఎక్కితే ఇంజక్షన్ ఇస్తారు, అది బిడ్డకి మంచిది కాదు.

చిగుళ్ళ_డాక్టర్ · రాత్రి 11:15

ఆరిలోవలో ప్రాక్టీసు, చిగుళ్ళ విభాగంలోనే పీజీ చేశాను. చూడకుండా రోగం తేల్చను, కానీ సీతమ్మధార అమ్మాయి రాసిన తీరు చాలా తెలిసిన తీరు.

ముందు ఆ "ట్యూమర్" మాట. అది పాత పేరు, అంతే. అది క్యాన్సర్ కాదు. కొత్త రక్తనాళాలు గుత్తుగా పెరిగి కండలా బయటికి పొడుచుకు వస్తాయి. ఎక్కువగా పై ముందుపళ్ళ మధ్య సందులోంచి, నాలుగో నెల దాటాక కనిపిస్తుంది. లోపలంతా రక్తనాళాలే కాబట్టి గోరు తగిలినా కారుతుంది. దిండు మీద మరక వచ్చిందీ అందుకే.

పెద్దమ్మగారూ, సున్నం మాట మా అమ్మమ్మ కూడా చెప్పేది. బిడ్డకి కావలసిన కాల్షియం తల్లి తిండిలోంచి వస్తుంది, చాలకపోతే తల్లి ఎముకల్లోంచి తీసుకుంటుంది. పళ్ళు ఒకసారి గట్టిపడ్డాక వాటిలోంచి ఒంట్లోకి కాల్షియం తిరిగి వెళ్ళే దారే లేదు. మీ మూడు పళ్ళూ పుచ్చో, చిగుళ్ళు వదులై కదిలో పోయి ఉంటాయి. కానుపు తర్వాత వాపు తగ్గుతుందన్నది మాత్రం నిజమే.

ఇక వాపు సంగతి. గర్భంలో పెరిగే హార్మోన్లు చిగుళ్ళలోని సన్నటి రక్తనాళాలను వదులు చేస్తాయి, వాటిలోంచి నీరు ఊరుతుంది. పంటి మొదట్లో పేరుకునే పాచి ఎప్పటిలాగే ఉన్నా, చిగురు దానికి ఉలిక్కిపడుతుంది. ఇది రెండో నెలలో మొదలై, ఎనిమిదో నెలకి బాగా ముదిరి, కానుపు తర్వాత దిగుతుంది. హార్మోన్ని మనం తగ్గించలేం. పాచిని తీసేయగలం. కాబట్టి రక్తం వస్తోందని బ్రష్ మానేస్తే పాచి పెరుగుతుంది, వాపు పెరుగుతుంది, ఇంకా రక్తం వస్తుంది. ఉప్పునీళ్ళు పుక్కిలిస్తే హాయిగా ఉంటుంది, చేయండి. పాచి మాత్రం పుక్కిలిస్తే పోదు, మెత్తటి బ్రష్‌తో రుద్దితేనే పోతుంది. పాచి రాయిలా గట్టిపడి గార అయితే బ్రష్‌కీ పోదు, క్లీనింగ్ చేయించాల్సిందే.

మీకు 19 వారాలు. నా దగ్గరికి వచ్చే గర్భిణులను ఏ వారంలో రమ్మంటారు అని ఎవరైనా అడిగితే 14 నుంచి 20 మధ్య అంటాను. మీరు ఆ గడువు చివర్లో ఉన్నారు. ఈ వారమే ఎవరికైనా చూపించండి. బుడిపెను కోయించుకోవద్దు, గార తీయించుకోండి.

సీతమ్మధార_అమ్మాయి · రాత్రి 11:31

డాక్టర్‌గారూ, థాంక్స్. కోయించుకోవద్దు అని ఎందుకు? తీసేస్తే పీడ పోతుంది కదా. పైగా అది చీము గడ్డ కాదని నాకెలా తెలుస్తుంది?

చిగుళ్ళ_డాక్టర్ · రాత్రి 11:48

కోస్తే రక్తం గట్టిగా కారుతుంది. హార్మోన్లు అలాగే ఉంటాయి కాబట్టి మళ్ళీ మొలవవచ్చు. నమలడానికి అడ్డమైతేనో, నొక్కినా రక్తం ఆగకపోతేనో కానుపుకి ముందే తీస్తాం.

చీము గడ్డకీ దీనికీ తేడా మంచి ప్రశ్న. మీ బుడిపె పళ్ళ సందులోంచి వచ్చింది, ముదురు ఎరుపు, నొప్పి లేదు. చీము గడ్డ సాధారణంగా ఇంకాస్త పైన, పంటి వేరు ఉండే చోట ఉబ్బుతుంది. మొనలో పసుపు చుక్క ఉంటుంది, నోట్లో ఉప్పటి చెడ్డ రుచి వస్తుంది, ఆ పన్ను మీద చెంచా కాడతో తడితే జివ్వుమంటుంది. అలాంటిది అయితే ఏ నెల అని చూడకూడదు. మూడో నెల కానీ, తొమ్మిదో నెల కానీ, ఆ రోజే చూపించాలి. జ్వరం, బుగ్గ వాపు, నోరు తెరవలేకపోవడం ఉంటే రాత్రయినా సరే.

మందులకొట్టు_కంచరపాలెం · మంగళవారం, ఉదయం 7:10

డాక్టర్‌గారు చెప్పింది బాగుంది గానీ నా మాట కూడా వినండి. 18 ఏళ్ళుగా కౌంటర్లో ఉన్నాను. గర్భిణికి పళ్ళ ఇంజక్షన్ వద్దు, ఎక్స్‌రే అసలే వద్దు. నొప్పి వస్తే మందుతో నెట్టుకురావచ్చు. పారాసెటమాల్ ఇస్తాం, తగ్గకపోతే పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ కలిసిన బిళ్ళ ఇస్తాం, చిగుళ్ళకి డాక్సీ 5 రోజులు. ఎంతమందికి ఇచ్చామో.

చిగుళ్ళ_డాక్టర్ · ఉదయం 8:05

పారాసెటమాల్ దగ్గర ఆగి ఉంటే మీకు దండం పెట్టేవాణ్ణి. 500 బిళ్ళ అవసరమైనప్పుడు, గైనిక్ డాక్టరు చెప్పిన లెక్కలో వేసుకోవచ్చు.

ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ వద్దు. 20 వారాల తర్వాత ఇవి బిడ్డ మూత్రపిండాల మీద పని చేసి ఉమ్మనీరు తగ్గించవచ్చని అమెరికా ఎఫ్‌డీఏ 2020లో హెచ్చరించింది. ఆఖరి మూడు నెలల్లో బిడ్డ గుండె దగ్గరి రక్తనాళం ముందే మూసుకుపోయే ప్రమాదం కూడా ఉంది. మన ఊళ్ళో చిక్కేమిటంటే, పంటినొప్పి అని కొట్లో అడిగితే ఇచ్చే బిళ్ళల్లో సగం ఈ మిశ్రమాలే. అట్ట మీద పారాసెటమాల్ అని ఉంటుంది, దాని పక్కనే ఇంకో మందు పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది. అట్ట తిప్పి చదవండి. డాక్సీసైక్లిన్ బిడ్డ పళ్ళలో, ఎముకల్లో పేరుకుంటుంది, పాలపళ్ళు గోధుమరంగుకి తిరగవచ్చు. యాంటీబయాటిక్ నిజంగా అవసరమైతే అమాక్సిసిలిన్ లాంటిది రాస్తాం, పడనివాళ్ళకి తప్ప. చిగుళ్ళ వాపుకి అదీ అక్కర్లేదు.

ఇంజక్షన్ అంటే మేం వాడేది లిగ్నోకైన్. కానుపు కుట్లకీ అదే వాడతారు. సూది రక్తనాళంలో లేదని చూసుకుని నెమ్మదిగా ఇస్తాం. తిమ్మిరి చాలక నొప్పికి బిగుసుకుపోతే తల్లి ఒంట్లోనే పుట్టే అడ్రినలిన్, ఆ సూదిలో కలిపే పిసరు కంటే ఎక్కువ ఉంటుంది. ఎక్స్‌రే ఊరికే తీయం. పంటి వేరు వైద్యానికి, అంటే రూట్ కెనాల్‌కి, తప్పదంటే మెడకి పట్టీ, పొట్టకి సీసపు ఆప్రాన్ వేసి ఒక చిన్న ఫిల్మ్ తీస్తాం. దాని మోతాదు ఒక రోజంతా నేల నుంచీ గాలి నుంచీ మన మీద సహజంగా పడేదానికి మించదు, ఆ కిరణం కూడా పొట్టవైపు వెళ్ళదు.

భీమిలి_బుల్లోడు · ఉదయం 8:22

మా బీచ్ ఇసుకలో మోనజైట్ ఉంది, అందులో థోరియం ఉంటుంది. మేం పుట్టినప్పట్నుంచీ ఎక్స్‌రేలోనే కూర్చున్నామన్నమాట 😀

మందులకొట్టు_కంచరపాలెం · ఉదయం 9:40

ఐబుప్రొఫెన్ సంగతి ఒప్పుకుంటాను, ఇకమీద గర్భిణి అని అడిగి ఇస్తాను. ఎక్స్‌రే మాత్రం నా కూతురికైతే తీయనివ్వను. అది నా ఇష్టం.

లెక్కల_మాస్టారు · మధ్యాహ్నం 1:30

చిగుళ్ళ జబ్బు ఉంటే నెలలు నిండకుండా కానుపవుతుందని ఎక్కడో చదివాను. అంటే క్లీనింగ్ చేయిస్తే ఆ ముప్పు తప్పుతుందా? తప్పేదైతే ప్రభుత్వమే ప్రతి గర్భిణికీ చేయించాలి కదా.

చిగుళ్ళ_డాక్టర్ · మధ్యాహ్నం 2:45

మాస్టారూ, చిగుళ్ళ జబ్బు ముదిరిన తల్లుల్లో ముందస్తు కానుపులు ఎక్కువని పరిశీలనల్లో తేలింది నిజమే. దాంతో అమెరికాలో 823 మంది గర్భిణులను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి 21 వారాల లోపు లోతుగా క్లీనింగ్ చేశారు, రెండో గుంపుకి కానుపయ్యాక చేశారు. ఫలితాలు 2006లో వచ్చాయి. ముందస్తు కానుపులు మొదటి గుంపులో వందకి 12.0, రెండో గుంపులో 12.8. అంటే తేడా లేనట్టే. అదే ప్రయోగం ఇంకొకటి కూడా చూపించింది: ఐదో నెలలో క్లీనింగ్ చేయించుకున్నందువల్ల తల్లికి గానీ బిడ్డకి గానీ చెడు జరగలేదు, చిగుళ్ళు బాగుపడ్డాయి. కాబట్టి "బిడ్డ కోసం చేయించుకోండి" అని నేను చెప్పను. మీ చిగుళ్ళ కోసం చేయించుకోండి.

లెక్కల_మాస్టారు · మధ్యాహ్నం 3:10

అయితే ఆ పరిశీలనల్లో కనిపించిన సంబంధం ఉత్తదేనా? లేక ఐదో నెలకే ఆలస్యమైపోయిందా? గర్భానికి ముందే చేయిస్తే?

చిగుళ్ళ_డాక్టర్ · మధ్యాహ్నం 3:20

ఆ వాదన మా వాళ్ళలోనూ నడుస్తోంది. తేలలేదు.

రాత్రిడ్యూటీ_సిస్టర్ · రాత్రి 8:15

నేను లేబర్ రూమ్ నర్సుని. పళ్ళ గురించి డాక్టర్‌గారు చెప్పారు, నేను కుర్చీ గురించి చెప్తాను. 20 వారాలు దాటాక వెల్లకిలా పడుకోబెడితే గర్భసంచి బరువు వెన్ను పక్కనుండే పెద్ద రక్తనాళం మీద పడుతుంది. రక్తం గుండెకి తిరిగి రాదు. చెమటలు, వికారం, కళ్ళు బైర్లు. చాలామంది దీన్ని సూది భయం అనుకుంటారు. చెల్లీ, ఇంటి నుంచి ఒక చిన్న దిండు తీసుకెళ్ళు. కుడి తుంటి కింద పెట్టుకుంటే ఒళ్ళు కాస్త ఎడమకి వాలుతుంది, చాలు. అప్పటికీ తల తిరిగితే పూర్తిగా ఎడమవైపు తిరిగిపో, ఒకటి రెండు నిమిషాల్లో సర్దుకుంటుంది. ఏమైనా తిని వెళ్ళు. తల్లీబిడ్డ కార్డు పట్టుకెళ్ళు, బీపీ, హిమోగ్లోబిన్ అందులో ఉంటాయి. ఆస్పిరిన్ 75 లాంటిది వేసుకుంటుంటే ముందే చెప్పు, నీ అంతట నువ్వు ఆపకు.

సీతమ్మధార_అమ్మాయి · ఆదివారం, సాయంత్రం 5:05

చూపించుకున్నాను! వేరే క్లినిక్‌లో లేడీ డాక్టరు. బీపీ 110/70, కార్డులో హిమోగ్లోబిన్ 10.2 చూశారు. బుడిపె కొలిస్తే 8 మిల్లీమీటర్లు. కింద ముందుపళ్ళ వెనకా, పైన బుడిపె మొదట్లోనూ గార ఉంది. రెండు రోజులు, రోజుకి అరగంట చొప్పున తీశారు. సూది అక్కర్లేకపోయింది. బుడిపె పక్కన తీసేటప్పుడు రక్తం వచ్చింది, తడి గాజు గుడ్డ పెట్టి 10 నిమిషాలు నొక్కి పట్టుకోమన్నారు, ఆగింది. సిస్టర్ అక్కా, దిండు తీసుకెళ్ళాను, ఆవిడే మెచ్చుకున్నారు.

పొద్దున వాంతి అవగానే నేను నోరు రోత అని వెంటనే తోముకునేదాన్ని. అలా చేయొద్దన్నారు. వాంతిలోని ఆమ్లంతో పన్ను పైపొర మెత్తబడి ఉంటుందట, అప్పుడే రుద్దితే అరిగిపోతుందట. గ్లాసు నీళ్ళలో చెంచా వంటసోడా కలిపి పుక్కిలించి ఉమ్మేసి, ఓ గంట ఆగి తోముకోమన్నారు.

కింద ఎడమ దవడపన్నులో పుప్పి కూడా ఉందట, లోతుగా ఉంది, రెండు వారాల్లో ఫిల్లింగ్‌కి రమ్మన్నారు. నొప్పి లేదు కాబట్టి ఆలోచిస్తాను.

చిగుళ్ళ_డాక్టర్ · సాయంత్రం 6:30

ఆలోచించకండి, వెళ్ళండి. ఇప్పుడైతే ఒక్కసారి కూర్చుంటే అయిపోతుంది.

గాజువాక_పెద్దమ్మ · సాయంత్రం 6:44

నొప్పి లేని పన్నుని కెలకడం ఏటి? సీమంతం అయినాక చూసుకోవచ్చులే.

సీతమ్మధార_అమ్మాయి · 11 వారాల తర్వాత, శుక్రవారం, తెల్లవారుజామున 3:20

ఎవరైనా మెలకువగా ఉన్నారా? 31 వారాలు. ఫిల్లింగ్‌కి వెళ్ళలేదు. సీమంతం, చుట్టాలు, ఎండలు, అలా వాయిదా పడింది. ఇప్పుడు ఆ దవడపన్ను పోటు. పడుకుంటే ఎక్కువ, చల్లనీళ్ళు పెట్టుకుంటే కాస్త తగ్గుతోంది. పారాసెటమాల్ వేసి మూడు గంటలైంది, ఏమీ లేదు. మా ఆయన ఇంట్లో ఉన్న నొప్పి బిళ్ళ ఇచ్చారు, అట్ట తిప్పి చూస్తే ఎసిక్లోఫెనాక్. వేసుకోలేదు.

రాత్రిడ్యూటీ_సిస్టర్ · 3:34

వేసుకోకు, మంచి పని చేశావు. జ్వరం ఉందా? బుగ్గ వాచిందా? బిడ్డ కదలికలు మామూలుగానే ఉన్నాయా? ఇంకో దిండు వేసుకుని తల ఎత్తుగా పెట్టుకో, పోటు కాస్త తగ్గుతుంది. లవంగ నూనె చుక్కలు చుక్కలుగా పోయకు, చిగురు కాలుతుంది.

సీతమ్మధార_అమ్మాయి · 3:37

జ్వరం లేదు, వాపు లేదు. బిడ్డ తంతూనే ఉంది. నాతోపాటు తనూ పడుకోలేదు.

చిగుళ్ళ_డాక్టర్ · ఉదయం 6:10

చల్లనీళ్ళకి తగ్గే పోటు అంటే లోపలి నరం బాగా చెడింది. ఇక ఫిల్లింగ్‌తో పోదు. ఇవాళే వెళ్ళి పన్ను తెరిపించండి. సూది ఇచ్చి, లోపల చెడింది తీసి, మందు పెట్టి తాత్కాలికంగా మూస్తారు, నొప్పి వెంటనే పోతుంది. మిగతా వేరు వైద్యం, తొడుగు కానుపయ్యాక. ఏడో నెల దాటింది కదా అని ఎవరైనా ఆపితే వినకండి. తొందర లేని పనులను వాయిదా వేస్తాం గానీ నొప్పిని, చీమును కాదు. మీ క్లినిక్‌లో కుదరకపోతే రుషికొండ, సంగివలస డెంటల్ కాలేజీల్లో ఉదయం ఓపీ ఉంటుంది.

సీతమ్మధార_అమ్మాయి · రాత్రి 7:50

అయింది. గైనిక్ డాక్టరుకి ఫోన్ చేస్తే "వెళ్ళు" అన్నారు. ఒక్క ఎక్స్‌రే తీశారు. కుర్చీ సగమే వాల్చారు, దిండు పెట్టారు, 15 నిమిషాలకి ఒకసారి లేపి కూర్చోబెట్టారు. అయినా మధ్యలో ఒకసారి చెమట పట్టింది, ఎడమకి తిరిగితే తగ్గింది. ఐదో నెలలో అరగంట పని ఇప్పుడు గంటన్నర అయింది, ఇంకా మిగిలే ఉంది. మా అత్తగారు బయట కూర్చుని జపం చేస్తూనే ఉన్నారు.

బుడిపె సంగతి కూడా చెప్తాను. క్లీనింగ్ అయిన నెలకి 5 మిల్లీమీటర్లకి దిగింది. రక్తం తగ్గింది. మొన్నటి నుంచి మళ్ళీ కాస్త ఉబ్బినట్టుంది.

మందులకొట్టు_కంచరపాలెం · రాత్రి 8:30

ఎక్స్‌రే తీయించేశారన్నమాట. సర్లే, నొప్పి పోయింది కదా.

సీతమ్మధార_అమ్మాయి · 4 నెలల తర్వాత

అమ్మాయి పుట్టింది, 38 వారాలకి, 2.9 కిలోలు. ఇవాళ్టికి 10 వారాలు. చిగుళ్ళ వాపు పోయింది. బుడిపె మాత్రం మెంతిగింజంత మిగిలింది, ఇప్పుడు ఎర్రగా లేదు, లేత గులాబీ రంగులో గట్టిగా ఉంది. డాక్టరు ఇంకో నెల చూసి, పోకపోతే కోసి ల్యాబ్‌కి పంపుదాం అన్నారు. పోతుందంటారా?

చిగుళ్ళ_డాక్టర్ · అదే రోజు

శుభాకాంక్షలు. చాలావరకు పోతాయి. కొన్ని ఇలా పీచుకట్టి గట్టిపడి ఉండిపోతాయి. మీది ఏదో నెల తర్వాత తెలుస్తుంది. కోసినా ఇప్పుడు చిన్న పనే, పాలివ్వడానికి అడ్డం కాదు. ల్యాబ్‌కి పంపడం మామూలు పద్ధతి, భయపడకండి. వేరు వైద్యం పూర్తయిందా?

సీతమ్మధార_అమ్మాయి · అదే రోజు

లేదండీ. పాపకి టీకాలూ అవీ...

చిగుళ్ళ_డాక్టర్ · అదే రోజు

మళ్ళీ మొదలెట్టారా!

పెందుర్తి_నాన్న · మరునాడు

ఈసారి మొత్తం చదివాకే రాస్తున్నాను. మా ఆవిడకి రెండోది, 9 వారాలు. బ్రష్ నోట్లో పెడితేనే వాంతి. చిగుళ్ళ నుంచి రక్తం మొదలైంది. 14 వారాల దాకా ఆగాలా?

చిగుళ్ళ_డాక్టర్ · మరునాడు

నొప్పి, చీము లేకపోతే క్లీనింగ్‌కి ఆగండి. మొదటి మూడు నెలల్లో బిడ్డ అవయవాలు ఏర్పడుతుంటాయి, వాంతులతో ఆవిడ కూర్చోలేరు కూడా. గర్భస్రావాలు ఎక్కువగా జరిగేదీ అప్పుడే. వాటికి క్లీనింగ్ కారణం కాదు, కానీ అదే వారంలో జరిగితే జీవితాంతం ఆవిడ ఆ కుర్చీనే తిట్టుకుంటారు. తోమడం మాత్రం ఆగకూడదు. పిల్లల బ్రష్ కొనండి, తల చిన్నది. పేస్టు వాసన పడకపోతే ఉత్త నీళ్ళతో తోమమనండి. పొద్దున్నే వద్దు, వికారం తగ్గే పూట ఏదైతే ఆ పూట.

పెందుర్తి_నాన్న · మరునాడు

సాయంత్రం నాలుగింటికి బాగుంటుంది ఆవిడకి. పిల్లల బ్రష్ అంటే మావాడిదే ఒకటి కొత్తది ఉంది, బొమ్మ ఉంటుంది దాని మీద. ఇస్తాను.